వాలీబాల్ క్లబ్బు పద్దు, పళ్ళ డాక్టరమ్మ చెప్పని మాట

పళ్ళ డాక్టరమ్మకి మనుషులంటే లెక్కలేకపోవడానికి ఆమె వృత్తే కారణమని భర్త అంటుండేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె ముందు ఎవరో ఒకరు నోరు తెరుచుకుని పడుకుంటారు. రెండుపూటలా తోముకుంటున్నామని చెప్పినవాళ్ళ పంటి సందుల్లో మొన్నటి మాంసం ముక్క కనబడుతుంది. సిగరెట్టు మానేశామన్నవాళ్ళ చిగుళ్ళు నల్లగా ఉంటాయి. "అబద్ధం ఆడేదీ ఆ నోటితోనే, పట్టిచ్చేదీ ఆ నోరే," అనేది ఆమె. పైగా కుర్చీలో ఉన్నంతసేపూ ఆమె మాట్లాడుతుంది, వాళ్ళు మాట్లాడలేరు. ఇరవై ఏళ్ళు అలా గడిచేసరికి, ఎదుటివాళ్ళకి బదులు చెప్పే హక్కు ఉంటుందన్న సంగతే ఆమె మరిచిపోయింది.

క్లబ్బులోకి ఆమెని ఈడ్చింది చెల్లెలి కూతురు. చదువుకోసం వీళ్ళింట్లోనే ఉండే ఆ పిల్ల, పద్నాలుగేళ్ళకే పెద్దమ్మని మించి పొడుగు పెరిగి, వాలీబాల్‌లో చేరింది. పిల్ల తరఫున మొదటిసారి సర్వసభ్య సమావేశానికి వెళ్ళిన రోజున డాక్టరమ్మ చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఆ ఏడాది జమాఖర్చులట. అందులో అన్నిటికంటే పెద్ద ఖర్చు "ఇతరములు". అది చూసి ఆమె పైకే నవ్వింది.

"నవ్వుతున్నారు కదా, మీరే రాయండి మరి," అన్నాడు అధ్యక్షుడు.

అతను టైల్స్ షాపు యజమాని. కాలేజీ రోజుల్లో అసలు కెప్టెన్‌కి జ్వరం వచ్చిన ఒక్కరోజు జట్టుని నడిపించాడు. ఆ ఒక్కరోజు పుణ్యమా అని ఇప్పటికీ అందరూ "కెప్టెన్ గారూ" అనే పిలుస్తారు. అతనూ మొహమాటపడడు.

అలా ఆమె కోశాధికారి అయింది. "ఇతరములు" ఎగిరిపోయింది. శిక్షణ, ప్రయాణాలు, ఆట సామగ్రి, రిజిస్ట్రేషన్లు అని ఖర్చుని నాలుగు ముక్కలు చేసింది. ప్రతి ఖర్చుకీ రసీదు అంది. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలంది. నెలనెలా ఎంత అనుకున్నామో, ఎంత అయిందో పక్కపక్కన రాసి అందరికీ పంపేది. నాలుగేళ్ళలో దాన్ని చదివిన సభ్యుడు ఒక్కడూ లేడు. ఒకసారి కావాలనే మొత్తం తప్పు వేసి పంపి చూసింది. అరడజను మంది నమస్కారం బొమ్మలు పెట్టారు, ఒకాయన "సూపర్ మేడమ్" అన్నాడు. ఆ ఫోను భర్త ముందు పెట్టి, "చూశారా నా మంద," అంది.

మంద అంటే ముప్ఫై ఆరుమంది ఆటగాళ్ళ అమ్మానాన్నలు. అందులో ఆడిటర్ గారి భార్య ఉంది. చదివింది మొగుడు, ప్రశ్నలు ఈవిడవి. ప్రతి ఏడూ బంతులు ఎందుకు పోతున్నాయని అడిగే తండ్రి ఒకాయన ఉన్నాడు. పదిహేనువేల ఫోను జేబులో పెట్టుకుని పదిహేను వందల జెర్సీ మీద గంట వాదిస్తాడు. వీళ్ళెవరి మీదా ఆమెకి గౌరవం లేదు. కాస్తో కూస్తో ఉన్నది కోచ్ మీదే. అతను పొదుపుగా మాట్లాడేవాడు, వేళకి వచ్చేవాడు, ఏ పిల్లకి మోకాలు నొప్పో అమ్మకంటే ముందు కనిపెట్టేవాడు. ఒక బడిలో సగంపూట వ్యాయామం చెప్పి, మిగతా సగం క్లబ్బుని నమ్ముకుని బతికేవాడు.

ఆ ఏడాది సీజను పద్దు గురించి కమిటీ కెప్టెన్ షాపులో కూర్చుంది. చుట్టూ బాత్రూమ్ టైల్స్ నమూనాలు. కోచ్‌కీ, సహాయకుడికీ ఎనిమిది నెలల జీతాలు, అయిదు ఊళ్ళ టోర్నమెంట్లకి రైలు, బస, భోజనం, జెర్సీలూ బంతులూ నెట్లూ, క్లబ్బు గుర్తింపు, ఆటగాళ్ళ రిజిస్ట్రేషను, టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజులు, చేతిలో కాస్త అత్యవసర నిధి. అంతా కలిపితే అయిదుంపావు లక్షలు తేలింది. సభ్యుల ఫీజు తలకి ఆరువేల చొప్పున, పాత నిల్వతో కలిపితే రెండున్నర లక్షలు. అంటే ఇంకా రెండు లక్షల డెబ్బై అయిదు వేలు కావాలి.

"అయిపోయింది," అన్నాడు కెప్టెన్, బల్ల మీద చెయ్యి చరిచి. "పరుపుల షాపాయన ఇస్తున్నాడు. స్పాన్సర్‌షిప్. రెండు డెబ్బై అయిదు."

"సరిగ్గా లోటెంతో అంతా?"

"నేను ఆ అంకె చెప్పాను. ఆయన సరే అన్నాడు."

"కాగితం మీద అన్నాడా?"

కెప్టెన్ నొచ్చుకున్నాడు. "అంత పెద్దమనిషిని కాగితం అడుగుతామా డాక్టరు గారూ? బాగుండదు."

"ఇచ్చేవాడికి సంతకం పెట్టడానికి ఏం అడ్డం? ఎంత ఇస్తాడు, ఎప్పుడిస్తాడు, బదులుగా మనం ఆయన పేరు ఎక్కడ వేయాలి. మూడు ముక్కలు. అవి రాసి ఇచ్చేదాకా ఆ డబ్బు పద్దులో సున్నా."

"మీకు మనుషుల మీద నమ్మకం లేదండీ."

"లేదు," అంది ఆమె.

సర్వసభ్య సమావేశం ఎప్పట్లాగే బడి డ్రాయింగ్ గదిలో జరిగింది. చిన్నపిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. గోడల నిండా పిల్లలు రంగులేసిన ఏనుగులు. డాక్టరమ్మ ఒక్కొక్కరికీ ఒక కాగితం పంచింది. దాని మీద రెండు పద్దులు పక్కపక్కన ఉన్నాయి.

"ఎడమవైపుది మన చేతిలో ఉన్న డబ్బుతో చేసేది," అంది నిలబడి. "అయిదు టోర్నమెంట్లకి బదులు మూడే వెళ్తాం. పెద్ద జట్టు పాత జెర్సీలతోనే ఆడుతుంది. ఫీజు ఆరువేలు కాదు, పదకొండు వేలు. అప్పుడు ఎవరి దయా లేకుండా సీజను గడుస్తుంది. కుడివైపుది పరుపులాయన డబ్బు వస్తే చేసేది. ఆయన సంతకం పెట్టిన రోజున కుడివైపుకి మారతాం, మీ ఫీజులో ఎక్కువ కట్టింది వెనక్కి ఇస్తాం."

గది గొల్లుమంది. పదకొండు వేలన్న మాట తప్ప ఎవరికీ ఏదీ వినబడలేదు. బంతుల తండ్రి లేచి బంతుల గురించి అడిగాడు. ఆడిటర్ గారి భార్య, "రెండు బడ్జెట్లు పెట్టడం ఎక్కడైనా ఉందా? మావారు వింటే నవ్వుతారు," అంది.

"మీవారిని రమ్మనండి, నవ్వే ముందు చదువుతారు," అంది డాక్టరమ్మ.

అప్పుడు కెప్టెన్ లేచి, పిల్లల కళ్ళల్లో కలల గురించీ, పెద్ద మనసుల గురించీ, పరుపులాయన తనకి ఎంత ఆప్తుడో దాని గురించీ చాలాసేపు మాట్లాడాడు. వెనక బెంచీలోంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. చేతులెత్తమంటే ఎడమవైపు పద్దుకి నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకటి ఆమెది. గోడకి ఆనుకుని నిలబడ్డ కోచ్‌కి ఓటు లేదు. అతను నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

"నా అభ్యంతరం మినిట్స్‌లో రాయండి," అని ఆమె కాగితాలు సర్దుకుంది. బయటికొచ్చాక కారు తలుపు కాస్త గట్టిగానే వేసింది.

వారం తిరక్కుండా పరుపులాయనకి దవడ పన్ను పోటు పెట్టింది. ఆమె కుర్చీలోనే వచ్చి పడ్డాడు. మత్తు ఎక్కేలోగా ఊరికే అడిగినట్టు అడిగిందామె.

"క్లబ్బుకి డబ్బెప్పుడు ఇస్తున్నారు?"

"డబ్బేంటండీ?" అన్నాడాయన, బుగ్గ పట్టుకుని. "నేను ట్రాక్‌సూట్లు ఇస్తానన్నాను. మా బావమరిదికి బట్టల ఫ్యాక్టరీ ఉంది. ఒక్కోటి కొంటే ఏడు వేల పైమాటే. ముప్ఫై ఆరు. లెక్కేసుకోండి, రెండు డెబ్బై అయిదు దాకా రాదూ?"

"కెప్టెన్ గారికి ఈ మాట చెప్పారా?"

"ఆయన నన్నెక్కడ చెప్పనిచ్చాడండీ. ఆయనే మాట్లాడాడు, ఆయనే దణ్ణం పెట్టాడు, ఆయనే వెళ్ళిపోయాడు. మీరు చెబుదురూ."

"నోరు తెరవండి," అంది ఆమె.

పన్ను తీసి పంపాక చేతులు కడుక్కుంటూ అద్దంలో తనని తాను చూసుకుంది. నవ్వు ఆగడంలేదు. మత్తుమందులో ముంచినా ఇంత తేలిగ్గా ఉండదనిపించింది. చప్పట్లు కొట్టిన వెనక బెంచీ, ఆడిటర్ గారి భార్య నవ్వు, కెప్టెన్ పెద్ద మనసు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

భోజనాల దగ్గర భర్తకి చెప్పింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఆ మనిషి ముద్ద చేతిలో పట్టుకునే ఆగాడు.

"రేపు వాళ్ళకి చెప్పెయ్."

"చెప్పాను కదండీ, నిండు సభలో. చేతులెత్తి మరీ వద్దన్నారు."

"అప్పుడు నీ అనుమానం చెప్పావు. ఇప్పుడు నీకు తెలిసింది. రెండూ ఒకటేనా?"

"గోడకి తల తగిలితే గానీ గోడ ఉందని తెలియని రకం వాళ్ళు. తగలనివ్వండి."

ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

నెల తర్వాత ట్రాక్‌సూట్లు వచ్చాయి. వీపు నిండా పరుపు బొమ్మ, దాని మీద నిద్రపోతున్న మనిషి. మ్యాచ్‌లో అంత పెద్ద ప్రకటన వేసుకోనివ్వరు కాబట్టి ఆటకి ముందు ఒళ్ళు వేడెక్కించుకునేటప్పుడే వేసుకోవాలి. క్లబ్బు అప్పటికే జెర్సీలకి డబ్బు కట్టేసింది. ఈ బట్టల వల్ల ఏ ఖర్చూ తగ్గలేదు. కెప్టెన్ మాత్రం ఫొటోలు దిగి, "ఇవి కొసరు. అసలు వెనకాల వస్తోంది," అని ప్రకటించాడు. డాక్టరమ్మ ఆ మాట విని పెదవి విరిచి ఊరుకుంది. ఆ నెల కాగితంలో స్పాన్సర్‌షిప్ ఎదురుగా "రాలేదు" అని రాసింది. ఎప్పట్లాగే నమస్కారాలు వచ్చాయి.

మూడో నెలకి ఖాతా అడుగంటింది. ఉన్న డబ్బుని ఎటు సర్దాలన్నది ఆమె చేతిలో పని. రైలు టిక్కెట్లు ముందే కొనాలి, ఎంట్రీ ఫీజుకి గడువుంటుంది, బస వాళ్ళు అడ్వాన్సు లేనిదే గది ఇవ్వరు. అడగనివాడు కోచ్ ఒక్కడే. అందుకని అతని జీతమే ఆగింది. ఒక సాయంత్రం అతను క్లినిక్ బయట బెంచీ మీద రోగుల మధ్య కూర్చుని, అందరూ వెళ్ళాక లోపలికొచ్చాడు.

"మేడమ్, ఈ నెల..."

"పదో తారీకు," అంది ఆమె. అప్పటికల్లా మంద గోడకి గుద్దుకుంటుందని ఆమె లెక్క.

పదో తారీకు పోయింది. ఇంకో నెలా పోయింది. మంద గుద్దుకోలేదు. పరుపులాయన ఊళ్ళో లేడనీ, పెళ్ళి పనుల్లో ఉన్నాడనీ కెప్టెన్ వాయిదాలు చెబుతూ పోయాడు. ఈలోపు ఆడపిల్లల జట్టు ఏడాదంతా ఎదురుచూసిన టోర్నమెంటుకి ఎంట్రీ గడువు ముగిసింది. కట్టడానికి ఖాతాలో డబ్బు లేదు. చెల్లెలి కూతురు గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఆ గడువు దాటేదాకా కూడా మంద కళ్ళు తెరవదని డాక్టరమ్మ అనుకోలేదు. కెప్టెన్‌కి ఫోన్ చేసి ప్రత్యేక సమావేశం పెట్టించింది.

మళ్ళీ అదే గది, అవే ఏనుగులు. మొహమాటానికైనా డబ్బు తీస్తాడని కెప్టెన్ పరుపులాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చి ముందు కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ లేచి వచ్చిందెంతో, పోయిందెంతో, కోచ్‌కి రెండు నెలలు బాకీ ఎంతో చదివింది.

"వస్తు రూపంలో ఇచ్చింది పద్దులో రెండుచోట్లా పడుతుంది," అంది. "ఆదాయంలో ట్రాక్‌సూట్లు, ఖర్చులో కూడా ట్రాక్‌సూట్లే. రెండూ కొట్టుకుపోతాయి. పరుపు బొమ్మ చూపిస్తే రైల్లో ఎక్కించుకోరు."

"మరి డబ్బు?" అన్నాడు బంతుల తండ్రి, జీవితంలో మొదటిసారి బంతులు కాక మరోటి అడిగి.

అందరూ పరుపులాయన వైపు తిరిగారు. ఆయన తెల్లబోయాడు.

"డబ్బు ఇస్తానని నేనెప్పుడూ అనలేదండీ. పన్ను తీయించుకునే రోజునే డాక్టరమ్మగారికి చెప్పాను. మీ మీటింగైన వారానికే. మీకు చెప్పమన్నాను కూడా. ఏమ్మా, చెప్పలేదా?"

గది సంబరపడింది. అది సంబరమే. నాలుగేళ్ళుగా ఆమె నోటి దురుసు భరించినవాళ్ళంతా ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. ఆడిటర్ గారి భార్య లేచి, "కోశాధికారి అంటే ఇదేనా? తెలిసి దాచడాన్ని ఏమంటారో మావారిని అడుగుతాను," అంది. కెప్టెన్ గుండె మీద చెయ్యేసుకుని, "నాకు ఎంత నమ్మకద్రోహం చేశారండీ," అన్నాడు. రాని డబ్బుని పద్దులో రాయించింది తనేనని అతనికి అప్పటికే గుర్తులేదు.

వాళ్ళకి సమాధానం చెప్పడం ఆమెకి పెద్ద పని కాదు. ఒక్కొక్కరికీ ఒక్కో మాట నాలుక చివరనే ఉంది. కానీ గోడ దగ్గర కోచ్ ఆమెనే చూస్తున్నాడు.

"నిజమేనా మేడమ్?"

"నిజమే," అంది.

అతను తలూపాడు. గొంతు పెంచలేదు.

"వీళ్ళు ఇలాంటివాళ్ళని నాకు ముందే తెలుసు. వాళ్ళ మాట మీద నేనెప్పుడూ ఏ ఆశా పెట్టుకోలేదు. మీరు పదో తారీకు అన్నారని ఇంటి ఓనరుకి నేనూ పదో తారీకు చెప్పాను."

ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె నోరు తెరుచుకుని, మాట రాక నిలబడిపోయింది. తను అందరినీ చూసే చూపు ఎదుటివాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. పైగా అతని చూపులో ఆమె చూపులో ఉండే హుషారు కూడా లేదు. ఒక పేరు జాబితాలోంచి కొట్టేస్తున్నట్టుంది, అంతే.

చివరికి ఆమె కొత్త పద్దు పెట్టింది. పోయిన టోర్నమెంటు పోయింది. మిగిలిన రెండింట్లో ఒక్కదానికే వెళ్తారు. తలా ఇంకో అయిదు వేలు కట్టాలి, మొదట వచ్చే డబ్బు కోచ్ బాకీకే వెళ్తుంది. ఒక తండ్రి వేళ్ళమీద కూడి, "ఆరూ అయిదూ పదకొండు. మొదట్లో చెప్పిందీ ఇదేగా?" అన్నాడు.

"అప్పుడే గట్టిగా చెప్పాల్సింది," అంది ఆడిటర్ గారి భార్య.

పద్దు పాసయింది. చెల్లెలి కూతురు ఆ రోజు కారెక్కలేదు. స్నేహితురాళ్ళతో నడిచొస్తానంది.

కోచ్ డబ్బు వారంలోపే అతని ఖాతాలో పడింది. ముందు తన డబ్బు వేసి, ఫీజులు వచ్చాక తీసుకుంది ఆమె. ఆ సంగతి రాతలో పెట్టి కమిటీకి పంపింది. అతను సీజను చివరి దాకా ఒక్కరోజు నాగా పెట్టకుండా వచ్చాడు, మిగిలిన ఒక్క టోర్నమెంటులో ఆడపిల్లల్ని సెమీఫైనల్ దాకా లాక్కెళ్ళాడు. తర్వాత ఇంకో క్లబ్బుకి వెళ్ళిపోయాడు. అక్కడ జీతం ఇంతకంటే తక్కువ. అనుభవ పత్రం కోసం క్లినిక్‌కి వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడింది.

"నేను చేసింది తప్పు," అంది. "వాళ్ళ మీద కోపం మీ మీద పడింది."

"కోపమైతే బాగుండేది మేడమ్," అన్నాడతను. పత్రం మడిచి జేబులో పెట్టుకుని, వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

తర్వాతి సర్వసభ్య సమావేశంలో డాక్టరమ్మ రాజీనామా ఇచ్చింది. ఆమె స్థానంలో ఎవరుంటారని అడిగితే ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది. ఆడిటర్ గారి భార్యకి "మావారి" ఆరోగ్యం, బంతుల తండ్రికి రాత్రి డ్యూటీలు. పావుగంటలో ఆమెనే మళ్ళీ ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. కొన్ని నెలల కింద ద్రోహి అన్న నోళ్ళే చప్పట్లు కొట్టాయి.

గది ఖాళీ అయ్యాక కెప్టెన్ ఆమె దగ్గరకొచ్చి, ఆప్యాయంగా నవ్వాడు.

"పాతవి మనసులో పెట్టుకోకండి డాక్టరు గారూ. నిజం చెప్పనా, ఇన్నాళ్ళూ మీరంటే మాకు భయంగా ఉండేది. ఇప్పుడు మీరూ మాలో మనిషయ్యారు."

ఆమె కొత్త కోచ్ జీతం ఏ తేదీన వెళ్ళాలో కాగితం మీద రాసి కెప్టెన్ సంతకం కోసం ముందుకు జరిపింది. అతను చదవకుండానే సంతకం పెట్టాడు.

"చదవండి," అంది ఆమె.

"మీరు రాశాక చదివేదేముంది?"

"చదవండి," అంది మళ్ళీ, అతను జేబులోంచి కళ్ళజోడు తీసేదాకా కదలకుండా నిలబడి.